పడమటి బారాయ్ లెక్క: అంగ్‌కోర్ చెరువులు రాజధానికి ఎంత అన్నం పెట్టాయి?

దాదాపు 8 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ వెడల్పు. కంబోడియాలో సియెం రీప్ పట్టణానికి వాయవ్యంగా ఉన్న పడమటి బారాయ్ కొలతలివి. బారాయ్ అంటే నాలుగు వైపులా మట్టికట్ట పోసి నిలబెట్టిన పెద్ద చెరువు. దీన్ని 11వ శతాబ్దంలో, ఒకటవ సూర్యవర్మ కాలంలో మొదలుపెట్టి, రెండవ ఉదయాదిత్యవర్మ కాలానికి పూర్తిచేసి ఉంటారని పరిశోధకుల అంచనా. వెయ్యేళ్లు కావస్తున్నా అందులో ఇంకా నీళ్లుంటాయి. మధ్యలో ఒక దీవి, దాని మీద పడమటి మెబోన్ అనే గుడి. 1936లో ఆ గుడి దగ్గరే శేషశాయి విష్ణువు కంచు విగ్రహం ముక్కలు దొరికాయి.

నేను చిన్ననీటి పారుదల పనుల్లో ఉన్నవాణ్ని. ఏ చెరువును చూసినా ముందు అడిగేది మూడే ప్రశ్నలు: నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి, తూము ఎక్కడుంది, అలుగు ఎక్కడుంది? ఆ తర్వాతే ఆయకట్టు సంగతి. ఖ్మేర్ రాజుల పాత రాజధాని అంగ్‌కోర్ గురించి చదివేవాటిలో ఎక్కువ భాగం ఈ వరసను తిరగేస్తాయి. "ఈ చెరువుల వల్లే ఏడాదికి రెండు మూడు పంటలు పండాయి, అందుకే లక్షల మంది బతికారు" అని మొదలుపెడతాయి. ఆ మాట నిలబడుతుందా అని పడమటి బారాయ్ ఒక్కదాన్నే తీసుకుని లెక్కకట్టి చూశాను. జవాబు ఆ కథకు చాలా దూరంగా వచ్చింది.

నేల వాలు, నీటి దారి

అంగ్‌కోర్‌కు ఉత్తరాన కులేన్ కొండలు, దక్షిణాన టోన్లే సాప్ అనే మహా సరస్సు. ఈ రెంటి మధ్య నేల ఈశాన్యం నుంచి నైరుతికి చాలా సన్నగా, కిలోమీటరుకు సుమారు ఒక మీటరు చొప్పున వాలుతుంది. పైన ఇసుక నేల. వాన అంతా మే నుంచి అక్టోబరు దాకానే పడుతుంది, ఏడాదికి మొత్తం 1,400 నుంచి 1,500 మిల్లీమీటర్లు. మిగతా ఆరు నెలలు దాదాపు ఏమీ ఉండదు. వానాకాలంలో మెకాంగ్ నది పొంగి, దాని నీళ్లు టోన్లే సాప్‌లోకి వెనక్కి తన్నుకొస్తాయి. దాంతో ఆ సరస్సు ఎండాకాలపు విస్తీర్ణానికి నాలుగైదు రెట్లు పెరుగుతుంది.

అంటే ఇక్కడి రైతు కష్టం మొత్తంగా వాన తక్కువ కావడం కాదు. సంవత్సరం మొత్తం మీద కావలసినంత వాన ఉంది. కష్టమల్లా జూలై ఆగస్టుల్లో రెండు మూడు వారాలు వాన ముఖం చాటేస్తే ఇసుక నేలలో నాటు ఎండిపోవడం. సెప్టెంబరు అక్టోబరుల్లో అదే పొలం మీద నీళ్లు నిలిచిపోవడం రెండో కష్టం.

మన కాకతీయుల చెరువులు లోయకు అడ్డంగా ఒక పక్క కట్ట వేస్తే నిలిచేవి. నిండిన నీరు అలుగు దుమికి కింది చెరువులోకి పోతుంది. అంగ్‌కోర్‌లో లోయే లేదు. కిలోమీటరుకు మీటరు వాలున్న చదును మీద చెరువు కావాలంటే నాలుగు పక్కలా కట్ట పోయాల్సిందే. ఖ్మేర్ రాజులు చేసింది అదే. 877లో ఒకటవ ఇంద్రవర్మ పట్టాభిషేకం జరిగిన ఐదు రోజుల్లో తవ్వకం మొదలుపెడతానని మొక్కుకుని ఇంద్రతటాకం కట్టించాడని శాసనం చెబుతోంది. దాని పొడవు 3.8 కిలోమీటర్లు. అతని కొడుకు ఒకటవ యశోవర్మ 7.5 కిలోమీటర్ల పొడవున యశోధరతటాకం కట్టించాడు. దాన్నే ఇప్పుడు తూర్పు బారాయ్ అంటున్నారు. ఆ తర్వాత పడమటి బారాయ్, చివరగా 12వ శతాబ్దం చివర్లో ఏడవ జయవర్మ కట్టించిన జయతటాకం. ఒక్కో రాజూ ముందువాడి చెరువును బాగుచేయించడంతో సరిపెట్టుకోకుండా కొత్తది కట్టించాడు. రాజ్యాధికారం చూపించుకోవడానికి అది అవసరమే కావచ్చు. నా లాంటివాడికి మాత్రం పాత చెరువు నిర్వహణ ఎవరి నెత్తిన పడిందో అన్నదే గుర్తొస్తుంది.

కట్ట ఎలా కట్టారన్నది ఒక్క మాటలో చెప్పొచ్చు. చెరువు లోపలి నేలను లోతుగా తవ్వలేదు. కట్ట పక్కనున్న మట్టినే తీసి కట్టకు పోశారు. అందుకే పడమటి బారాయ్ లోపల పాత నేల చాలావరకు అలాగే ఉంది. అంతకు ముందున్న గుడి ప్రాసాత్ అక్ యుం దక్షిణపు కట్ట కింద సగం పూడిపోయి కనిపిస్తుంది. ఇలా కట్టడంలో పెద్ద లాభం ఉంది. నీరు చుట్టుపక్కల పొలాల కంటే ఎత్తులో నిలుస్తుంది కాబట్టి ఏతం, గూడ లాంటివేవీ లేకుండా దానంతట అదే పారుతుంది.

మట్టిపని పరిమాణం చూసి చాలామంది నోరు వెళ్లబెడతారు. కట్ట చుట్టుకొలత 20 కిలోమీటర్లు. అడ్డుకోత సగటున 400 చదరపు మీటర్లు అనుకుంటే మొత్తం 80 లక్షల ఘనపు మీటర్ల మట్టి. తట్టలతో మోసే మనిషి రోజుకు 2 ఘనపు మీటర్లు పోస్తాడనుకుంటే 40 లక్షల పనిదినాలు. పదివేల మందిని ఏటా ఎండాకాలంలో 150 రోజులు పెడితే మూడేళ్లలోపు ముగుస్తుంది. పెద్ద రాజ్యానికి అది పెద్ద విషయం కాదు. కట్ట పోయడం కంటే దాన్ని నింపడం, నింపినదాన్ని అవసరమైన చోటికి పంపడం కష్టం.

నింపడం

మొదట వానతోనే నిండుతుందా అని చూద్దాం. చెరువు విస్తీర్ణం సుమారు 16.4 చదరపు కిలోమీటర్లు. దాని మీద ఏడాదికి 1.4 మీటర్ల వాన పడితే 2.3 కోట్ల ఘనపు మీటర్లు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ ఎండలో రోజుకు సగటున 5 మిల్లీమీటర్లు ఆవిరైపోతుందనుకున్నా ఏడాదికి 1.8 మీటర్లు పోతుంది. అంటే మీద పడిన వాన ఆవిరి ఖర్చుకే చాలదు. ఇక ఇసుక నేలలోకి ఇంకేది వేరే. బయటి నుంచి కాలువ రాకపోతే ఇది ఎండాకాలంలో బీడుగా మారే బయలే.

ఆ కాలువ ఉత్తరం నుంచి వచ్చింది. కులేన్ కొండల నుంచి దిగే పువోక్ నదిని మళ్లించి, పరిశోధకులు ఉత్తర మహాకాలువ అని పిలిచే దారిలో నీటిని పడమటి బారాయ్‌కి తెచ్చారు. అంతకంటే పైన బామ్ పెన్ రీచ్ దగ్గర లాటరైట్ రాళ్లతో కట్టిన నిర్మాణం ఉంది. నీటిని దక్షిణానికి తిప్పడానికి దాన్ని కట్టారు. ఇవాళ సియెం రీప్ నది అని మనం చూసేది సహజంగా పుట్టిన నది కాదు, మనుషులు తవ్విన కాలువే. ఈ విషయం మనసులో పెట్టుకోండి, తర్వాత దీనితో పెద్ద పని పడుతుంది.

ఎంత నీరు రావాలి? సగటు లోతు 3 మీటర్లు పట్టుకుంటే చెరువు నిల్వ 5 కోట్ల ఘనపు మీటర్లు, మన లెక్కలో ఒకటిముప్పావు టీఎంసీ. దీన్ని వానాకాలంలో 120 రోజుల్లో నింపాలంటే సగటున సెకనుకు 5 ఘనపు మీటర్లు, అంటే 170 క్యూసెక్కులు చాలు. ఒక మోస్తరు కాలువ ఆ పని చేస్తుంది. కానీ అంగ్‌కోర్ ఉత్తర భాగంలో కనిపించే కాలువలు పదుల మీటర్ల వెడల్పున ఉన్నాయి. ఇంత వెడల్పు చెరువు నింపడానికి అక్కర్లేదు. నా అంచనాలో వాటిలో చాలా భాగం వరద నీటిని పక్కకు తోలడానికి, తూర్పు పడమరలుగా పరచి వేగం తగ్గించడానికి ఉద్దేశించినవి. కిందున్న నగరం మీద ఆ వరద పడకుండా చూడటం చెరువు నింపడం కంటే ముందు పని.

లోతు విషయంలో ఒక మాట. నేల నైరుతికి వాలుతుంది, అడుగు తవ్వలేదు. కాబట్టి చెరువంతా ఒకే లోతు ఉండదు. నీరు తగ్గేకొద్దీ తూర్పు భాగం ముందు తేలుతుంది, పడమటి వైపు మిగులుతుంది. ఇప్పుడు కూడా జరిగేది ఇదే. తూర్పు కొసలో ఏడాదిలో చాలాకాలం నీళ్లుండవు. సగటు 3 మీటర్లన్నది నేను లెక్క కోసం పట్టుకున్నదే తప్ప కొలిచింది కాదు. దాన్ని ఇంకో అరమీటరు అటూ ఇటూ జరిపినా కింద వచ్చే జవాబు మారదు.

తూము ఏది?

ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రజ్ఞుడు బెర్నార్-ఫిలిప్ గ్రొస్లియే 1979లో అంగ్‌కోర్‌ను 'నీటి నగరం' అన్నాడు. బారాయ్‌లు పొలాలకు నీరిచ్చాయి, దాంతో పంటలు పెరిగాయి, దాంతో 19 లక్షల దాకా జనం బతికారని అతని వాదన. వెంటనే డబ్ల్యూ. జె. వాన్ లియేర్ అనే నీటిపారుదల నిపుణుడు అడ్డుతగిలాడు. అతని ప్రశ్న మన ఊళ్లో కాలువ నీళ్లు వదిలే లష్కరు అడిగేదే: తూము ఏది? పంపిణీ కాలువలేవి? అవి కనిపించనప్పుడు ఇవి పూజకు, రాజుగారి గొప్పకు కట్టిన చెరువులే కావచ్చు కదా అన్నాడు.

1990లలో క్రిస్టోఫ్ పోటియే అంగ్‌కోర్ దక్షిణ భాగాన్ని పొలాల గట్లతో సహా మ్యాపు చేశాక ఈ తగవు మలుపు తిరిగింది. బారాయ్‌లకు దక్షిణాన కాలువల జాడలు, నీరు లోపలికి వచ్చే, బయటికి పోయే చోట్లు బయటపడ్డాయి. తూర్పు బారాయ్ తూర్పు కొసన క్రోల్ రొమియాస్ అనే రాతి నిర్మాణం నీటి దారే. సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన రోలండ్ ఫ్లెచర్, డామియన్ ఎవాన్స్ వాళ్ల బృందం పోటియేతో కలిసి పనిచేసి 2007లో దాదాపు 1,000 చదరపు కిలోమీటర్ల నగర విస్తీర్ణానికి మ్యాపు ప్రచురించింది. 2012లో విమానం నుంచి లేజర్ కిరణాలతో చేసిన లైడార్ సర్వే అడవి కింద దాగిన వీధులు, కట్టలు, కుంటలను చూపించింది. మొత్తం చూస్తే మూడు అంచెలు కనిపిస్తాయి: ఉత్తరాన నీటిని పట్టే కాలువలు, మధ్యలో నిల్వచేసే బారాయ్‌లు, దక్షిణాన పంచే, పారబోసే కాలువలు.

ఇలాంటి చోట తూము ఉందో లేదో ఎలా తేల్చాలి? రాయి దొరకకపోయినా సాక్ష్యం పొలంలో ఉంటుంది. ఒక చోటి నుంచి నీళ్లు వస్తుంటే రైతులు తమ గట్లను ఆ చోటుకు అనుగుణంగా వేసుకుంటారు. నీళ్లు రాని చోట గట్లు నేల వాలునో పాత గుడి కంచె దిక్కునో పట్టుకుంటాయి. తరాలు మారినా గట్టు జరపడం తేలిక కాదు, పక్కవాడు ఒప్పుకోడు. అందుకే పోటియే మ్యాపులో గట్లకు అంత విలువ.

తూములున్నాయి, సరే. అంతమాత్రాన గ్రొస్లియే లెక్క నిలిచినట్టు కాదు.

ఆయకట్టు లెక్క

రెండు రకాలుగా చూద్దాం. మొదటిది ఎండాకాలపు రెండో పంట. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆవిరి రూపంలోనే 0.9 మీటరు, అంటే సుమారు 1.5 కోట్ల ఘనపు మీటర్లు పోతాయి. మిగిలేది 3.5 కోట్లు. వాన సాయం లేకుండా ఇసుక నేలలో వరి పండించాలంటే కాలువ నష్టాలతో కలిపి 1.5 మీటర్ల నీరు కావాలని పట్టుకున్నాను. ఇది ఉదారంగా వేసుకున్నదే. ఆ లెక్కన 2,300 హెక్టార్లు, అంటే 5,700 పైచిలుకు ఎకరాలు. ఎకరాకు 6 క్వింటాళ్ల ధాన్యం పండిందనుకోండి. ఎరువులు లేని ఆ రోజుల నాటు రకాలకు అదే ఎక్కువ. సుమారు 3,450 టన్నుల ధాన్యం, అందులో బియ్యం 2,250 టన్నులు. మనిషికి ఏడాదికి 220 కిలోల బియ్యం చొప్పున పదివేల మందికి సరిపోతుంది.

ఇంత పెద్ద చెరువు కట్టి పదివేల మందికి అన్నం. 2021లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 13వ శతాబ్దంలో అంగ్‌కోర్ పరిసరాల్లో 7 నుంచి 9 లక్షల మంది ఉన్నారు. నాలుగు బారాయ్‌లూ నిండా ఉండి రెండో పంటకే నీరిచ్చినా ఆ జనంలో నూటికి ముగ్గురు నలుగురికి మించి తిండి రాదు.

ఇప్పుడు రెండోది. అదే నీటిని వానాకాలపు పంటకు ఆదుకోవడానికి వాడారనుకుందాం. వాన మొహం చాటేసినప్పుడు రెండు తడులు, ఒక్కోటి 10 సెంటీమీటర్లు, కాలువ నష్టంతో కలిపి మొత్తం 30 సెంటీమీటర్లు. అప్పుడు ఆవిరి నష్టాన్ని వాన చాలావరకు పూడుస్తుంది కాబట్టి మొత్తం నిల్వను వాడుకోవచ్చు. 5 కోట్ల ఘనపు మీటర్లతో 16 వేలకు పైగా హెక్టార్లు, దాదాపు 41 వేల ఎకరాలు తడుస్తాయి. వాన దెబ్బతిన్న ఏడాది ఆ పొలాల్లో సగం పంట దక్కిందనుకున్నా 12 వేల టన్నుల ధాన్యం, 36 వేల మందికి ఏడాది తిండి. పైగా నెల తర్వాత వాన పుంజుకుంటే చెరువు మళ్లీ నిండుతుంది, ఇంకోసారి వాడొచ్చు.

అదే నీటికి మూడున్నర రెట్లు ఫలితం. అందుకే నా అభిప్రాయంలో పడమటి బారాయ్ రెండో పంట కోసం కట్టిన చెరువు కాదు. అది మొదటి పంటకు బీమా. వాన సరిగ్గా పడిన ఏడాది దాని వల్ల పెద్దగా దిగుబడి పెరగదు. పడని ఏడాది రాజధాని చుట్టూ ఉన్న పొలాలు చేతికందుతాయి. రాజుకు కావలసింది కూడా అదే. గుడులకు, సైన్యానికి, కట్టడం పనివాళ్లకు ఏటా దాదాపు ఒకే మొత్తంలో బియ్యం రావాలి. ఒక ఏడాది ఎక్కువొచ్చి మరో ఏడాది ఏమీ రాకపోతే ఆ యంత్రాంగం నడవదు.

మరి లక్షల మందికి అసలు అన్నం ఎక్కడిది? గట్లు వేసి వాన నీటిని నిలిపిన మామూలు పొలాల నుంచే. అంగ్‌కోర్ ప్రాంతం మొత్తం 3,000 చదరపు కిలోమీటర్లు అనుకుని అందులో సగం పొలాలైతే 1.5 లక్షల హెక్టార్లు. పై దిగుబడే పెట్టుకుంటే ఆరున్నర లక్షల మందికి సరిపోయే బియ్యం వస్తుంది. విత్తనం, ఎలుకలు, నిల్వ నష్టం తీసేస్తే ఇంకా తక్కువ. లోటు పూడ్చింది రెండు. ఒకటి, టోన్లే సాప్ వెనక్కి తగ్గేటప్పుడు తేలిన ఒండ్రు నేలలో వేసే పంట, దానితోపాటు ఆ సరస్సు చేపలు. రెండు, దూరపు గ్రామాల నుంచి గుడులకు వచ్చే వడ్లు. 1186 నాటి తా ప్రోమ్ శాసనం ఆ ఒక్క గుడికే 3,140 గ్రామాలు, 79,365 మంది సేవకు కట్టుబడి ఉన్నారని, గుడి లోపల 12,640 మంది ఉంటారని చెబుతోంది.

1296లో అంగ్‌కోర్‌కు వచ్చి ఏడాది దాకా ఉన్న చైనా దూత జౌ దాగువాన్ అక్కడ ఏటా మూడు నాలుగు పంటలు తీస్తారని రాశాడు. దీన్ని పట్టుకుని బారాయ్‌ల నీటితో ఒకే పొలంలో మూడు పంటలు వేశారనేవాళ్లున్నారు. అతనే వానలు ఎప్పుడు పడతాయో, సరస్సు ఎంత పొంగుతుందో చెప్పి, జనం ఆ నీటి మట్టాన్ని బట్టి ఎక్కడ ఎప్పుడు వేయాలో చూసుకుంటారని కూడా రాశాడు. విత్తకుండానే పెరిగి, నీటితో పాటు ఎత్తు పెరిగే వరి గురించీ చెప్పాడు. అంటే మెరక పొలం ఒక నెలలో, సరస్సు అంచు ఇంకో నెలలో, లోతు నీటి వరి మరో నెలలో కోతకొస్తాయి. రాజధానికి ఏడాదిలో మూడు నాలుగు సార్లు కొత్త బియ్యం దిగుతుంది. అది చూసినవాడు మూడు నాలుగు పంటలనే రాస్తాడు.

ఇంకో సంగతి పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. ఆ ప్రాంతం నిండా ట్రపియాంగ్ అనే కుంటలు వేలల్లో ఉన్నాయి. ప్రతి పల్లెకు, ప్రతి చిన్న గుడికి ఒకటో రెండో. నేలలో నీటి మట్టం పైకే ఉండే చోట అవి తవ్వగానే ఊరతాయి. ఎండాకాలంలో తాగడానికి, పశువులకు అవే ఆధారం. రాజులు పోయాక, పెద్ద కాలువలు పాడయ్యాక కూడా ఈ ప్రాంతంలో జనం బతికారంటే ఈ కుంటల చలవే.

పాడైన తీరు

ముందుగా ఒక చిన్న కేసు. 928 నుంచి 944 దాకా రాజధాని అంగ్‌కోర్‌కు ఈశాన్యంగా ఉన్న కో కేర్‌కు మారింది. అక్కడ 7 కిలోమీటర్ల పొడవైన కట్ట వేసి లోయ నీటిని ఆపారు. 2019లో ప్రచురించిన పరిశోధన ప్రకారం దాని అలుగు మామూలు వానల నీటిని కూడా మోయలేనంత చిన్నది. బహుశా మొదటి వానాకాలంలోనే అది తెగింది. కో కేర్‌లో లోయ ఉంది, అంటే వరద మొత్తం ఒక్క చోటికే వస్తుంది. చదును నేల మీద పనిచేసిన అనుభవాన్ని లోయలోకి పట్టుకెళ్తే జరిగేది అదే. అంగ్‌కోర్ వాళ్లు కట్టలు కట్టడంలో ఆరితేరారు గానీ వరద పరిమాణం అంచనాలో అంత గట్టివాళ్లు కాదనడానికి ఇది సాక్ష్యం.

అంగ్‌కోర్‌లో మాత్రం కట్ట తెగి కథ ముగియలేదు. అక్కడ ప్రమాదం కాలువ అడుగున ఉంది. వాలుకు అడ్డంగా, తూర్పు పడమరలుగా పోయే కాలువల్లో నీరు నెమ్మదిగా పారుతుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి తిన్నగా గీత గీసినట్టు తవ్విన కాలువకు వాలు కిలోమీటరుకు ఒక మీటరు. ఒకటిన్నర మీటరు లోతు నీరు అందులో పారితే, మామూలు మట్టికాలువ గరుకుదనం పెట్టి మానింగ్ సూత్రంతో లెక్కిస్తే వేగం సెకనుకు 1.4 మీటర్లు వస్తుంది. సన్న ఇసుక నేల ఓర్చుకునేది సెకనుకు అర మీటరు వేగాన్ని. మూడు రెట్ల వేగం అంటే అడుగు కోసుకుపోక తప్పదు. ఇవాళ ఇలాంటి చోట మేమైతే ప్రతి కొన్ని వందల మీటర్లకు డ్రాపు కట్టి వాలును మెట్లుగా విరుస్తాం. ఆ కాలువల్లో అలాంటి వరస కనిపించదు.

కోత ఒకసారి మొదలైతే తనంతట తాను పెరుగుతుంది. అడుగు దిగిన కాలువలోకి పక్క కాలువల నీరు ఇంకా వేగంగా పడుతుంది, ఇంకా కోస్తుంది. నీటిని బారాయ్‌ల వైపు తిప్పే చోట్లు గాలిలో వేలాడినట్టు పైనే మిగిలిపోతాయి. కింద పారే నీరు ఆ మట్టానికి ఎక్కదు. అలా వరదలో ఊరంతా మునుగుతుంది, ఎండాకాలంలో అదే ఊరి చెరువు నిండదు. సియెం రీప్ నదికి జరిగింది ఇదే. ఆ నది అడుగు ఇప్పుడు అంగ్‌కోర్ కాలపు నేల మట్టం కంటే 5 నుంచి 8 మీటర్ల కింద ఉంది. రాజధాని నడుమ కోటగోడల నగరం అంగ్‌కోర్ థోమ్‌కు తూర్పున స్పియన్ థ్మా అనే రాతి వంతెన ఉంది. పాత గుడుల రాళ్లు తెచ్చి కట్టినది. నది ఆ వంతెనను వదిలేసి పక్కనుంచి లోతుగా కోసుకుని పోతోంది. వంతెన పునాది, నది అడుగు మధ్య తేడా చూస్తే ఏం జరిగిందో ఎవరికైనా అర్థమవుతుంది.

ఎప్పుడు జరిగింది? వియత్నాం కొండల్లోని పాత చెట్ల వార్షిక వలయాలను చదివి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 14వ శతాబ్దం మధ్య నుంచి దశాబ్దాల పాటు కరువు, మళ్లీ 15వ శతాబ్దం మొదట్లో ఇంకో కరువు. వాటి నడుమ విపరీతమైన వానలు పడ్డ ఏళ్లు. ఈ వరస చాలా చెడ్డది. కరువులో కాలువలు ఎండి, నిర్వహణ సడలి, గట్లు గుల్లబారతాయి. అంతలో వచ్చిన పెద్ద వరద ఆ గుల్లను కోసుకుపోతుంది. అంగ్‌కోర్ దక్షిణ భాగంలో ఒక పెద్ద కాలువ ఆ కాలపు ముతక ఇసుకతో పూడిపోయి కనిపించింది. ముతక ఇసుక మెల్లగా పారే నీటితో రాదు. ఎగువన ఎక్కడో అడుగు కోసిన మట్టి ఇక్కడికొచ్చి పడిందన్నమాట. 2018లో డాన్ పెన్నీ బృందం మొత్తం కాలువల వలను కంప్యూటర్‌లో పెట్టి పెద్ద వరదలు వదిలి చూసింది. కొన్ని కాలువలు కోసుకుపోవడం, మిగతావి పూడిపోవడం గొలుసుకట్టుగా సాగింది.

1431లో ఇప్పటి థాయిలాండ్‌లోని అయుత్థయ రాజ్యపు సైన్యం వచ్చి అంగ్‌కోర్‌ను పట్టుకుందని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. దాడి జరిగి ఉండొచ్చు. కానీ ఇంత విస్తారమైన వలలో పై భాగం చెడితే దాన్ని బాగుచేయడానికి ఎన్ని వేల మంది కావాలో, వాళ్లను పెట్టే రాజుకు ఎంత బియ్యం చేతిలో ఉండాలో లెక్క వేసుకోండి. బాగుచేయాల్సింది బియ్యం కోసం, దానికి కావలసిందీ బియ్యమే. కరువు వెంట కరువు వచ్చినప్పుడు ఆ ముడి విప్పడం ఎవరి వల్లా కాదు. నాలుగు బారాయ్‌లు కట్టిన రాజ్యానికి కూడా.

ఇప్పటి పని

తూర్పు బారాయ్ ఎండిపోయి పొలాలైంది. ఒకప్పుడు దీవి మీదున్న తూర్పు మెబోన్ గుడికి నాలుగు పక్కలా పడవలు ఆగే మెట్లు ఇప్పుడు నేల మీదికే దిగుతున్నాయి. పడమటి బారాయ్‌కి 1950లలో అమెరికా సాయంతో కొత్త తూము పెట్టారు. దక్షిణాన పొలాలకు ఇప్పటికీ దాని నీరు పారుతోంది, ముఖ్యంగా వానాకాలపు పంటకు.

2009 నుంచి 2011 వరకు వరసగా సియెం రీప్‌ను వరదలు ముంచాయి. అంగ్‌కోర్ వారసత్వాన్ని చూసే కంబోడియా ప్రభుత్వ సంస్థ అప్సరా, నీటిపారుదల నిపుణుడు హాంగ్ పెయు ఆధ్వర్యంలో, పూడిన పాత కాలువలను, అంగ్‌కోర్ థోమ్ కందకాలను శుభ్రం చేసి మళ్లీ కలిపింది. శతాబ్దాలుగా ఎండి ఉన్న జయతటాకాన్ని అంతకు కొంచెం ముందే, 2008 నుంచి, నింపడం మొదలైంది. నది మీద పడే వరదలో కొంత ఇప్పుడు అటు మళ్లుతోంది. దీనికి ఇంకో అవసరం కూడా ఉంది. హోటళ్లు బోర్లు వేసి తోడేస్తుంటే భూగర్భ జలం దిగిపోతోంది. ఇసుక మీద నిలబడ్డ గుడుల పునాదులకు ఆ ఇసుక తడిగా ఉండటం అవసరం. బారాయ్ నిండితే చుట్టూ ఉన్న నీటిమట్టం పైకొస్తుంది.

సియెం రీప్ నది అడుగును మాత్రం ఎవరూ ఎత్తలేదు. అందుకని పాత మళ్లింపు చోట్లకు బదులు కొత్త తలుపులు పెట్టి, నదికి ఇంకా ఎగువన నీటిని పట్టాల్సి వస్తోంది. ఎంత ఎగువన పడితే దాని మట్టం అంత పైన ఉంటుంది, బారాయ్‌కి చేరడానికి చాలినంత వాలు దొరుకుతుంది. పెద్ద వాన పడే రోజుల్లో ఆ తలుపులు ఎప్పుడు తెరవాలి, ఎంత తెరవాలి అన్నదే ఇప్పుడక్కడి ఇంజనీర్ల టెన్షన్.